నాలుగు బంతులు, తొమ్మిది పరుగులు, బ్రెండా పట్టిక

బ్రెండా ఆక్రాయిడ్ ముప్పై ఒక్క ఏళ్లు బస్సు డిపోలో టైం టేబుళ్లు వేసింది. ఇంగ్లండులోని యార్క్‌షైర్ కొండల్లో ఎంత మంచు కురిస్తే ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతుందో ఆమె ముందే చెప్పేది. ఆమె మాట తప్పడానికి బస్సులు కూడా భయపడేవని డ్రైవర్లు ఒట్టేసి చెప్పేవారు. రిటైరైన మర్నాడే ఆ బుర్ర ఖాళీగా కూర్చోలేక క్రికెట్ మీద పడింది. పదకొండేళ్ల స్కోరు పుస్తకాలు ముందేసుకుని రూళ్ల పుస్తకంలో ఒక పట్టిక గీసింది. ఇన్ని బంతులు మిగిలి, ఇన్ని పరుగులు కావాల్సి, ఇన్ని వికెట్లు చేతిలో ఉంటే, రెండో ఇన్నింగ్స్ ఆడే జట్టు నూటికి ఎన్నిసార్లు గెలిచిందో అందులో ఉంటుంది.

ఆ పట్టికకు తోడు ఆమె ఫోన్‌లో ఒక సంత ఉంది. అక్కడ జనం ఒకరితో ఒకరు పందేలు కొంటారు, అమ్ముతారు. నూరును ధరతో భాగిస్తే చాలు: ధర రెండంటే సంత దృష్టిలో ఆ జట్టుకు నూటికి యాభై అవకాశం, నాలుగంటే ఇరవై అయిదు. బంతి బంతికీ బ్రెండా తన అంకె చూసుకుంటుంది, సంత అంకె చూస్తుంది. తనది ఎక్కువైతే కొంటుంది, తక్కువైతే అమ్ముతుంది. రెండూ ఒకటే అయితే టీ తాగుతుంది. సాధారణంగా టీయే ఎక్కువ.

ఆమె భర్త క్లిఫర్డ్‌కు ఈ గొడవ పట్టదు. అతని ప్రాణమంతా కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే ఇల్లు లాంటి కారవాన్ బండి మీదే. అందుకే ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. బ్రెండా యాభై పౌండ్లతో ఖాతా తెరిచింది. కొత్త సీజన్ మొదటి ఆదివారం ఆట ముగిసేసరికి ఆ యాభై ఉంటే సరే. లేకపోతే పట్టిక అటక మీదికి, బ్రెండా కారవాన్‌లోకి, వేసవంతా.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్రికెట్ క్లబ్బు బార్‌లో టీవీ ముందు కూర్చునేసరికి ఖాతాలో మిగిలినవి ఇరవై రెండు పౌండ్లు.

"కారవాన్‌కి కొత్త తెరలు కుట్టించనా?" అన్నాడు క్లిఫర్డ్, వేపుడు బంగాళాదుంపల పొట్లం చింపుతూ. "నీకు పసుపు ఇష్టం కదా."

"నోరు మూసుకుని తిను ముసలాయనా. ఇంకా ముప్పై ఆరు బంతులున్నాయి."

యార్క్‌షైర్‌కు ముప్పై ఆరు బంతుల్లో యాభై నాలుగు కావాలి, ఆరు వికెట్లు చేతిలో ఉన్నాయి. పట్టిక నలభై ఏడంది. తర్వాతి బంతికి పరుగు రాలేదు, నలభై అయిదు. ఫోర్ కొడితే యాభై. ఆ పైబంతికి వికెట్ పడింది, ముప్పై తొమ్మిది. సంత కూడా ఆమె వెనకే ఎక్కింది, దిగింది. ఎక్కడా తేడా దొరకలేదు. బ్రెండా మూడు కప్పుల టీ తాగింది. బార్ నడిపే ట్రెవర్ నాలుగోది తెచ్చిపెట్టాడు.

"ఏం బంగారం, ఇవాళైనా పందెం కాస్తావా? లేక ఆ పుస్తకం వాసన చూసి ఇంటికెళ్తావా?"

"తేడా లేనిదే నేను కాయను ట్రెవర్. ఉత్త పుణ్యానికి డబ్బులివ్వడానికి నీ బీరు ఉందిగా."

ఆఖరి ఓవర్ వచ్చింది. ఆరు బంతుల్లో పది పరుగులు, మూడు వికెట్లు. అరవై పరుగులు దాటి ఆడుతున్న హాల్‌స్టెడ్ మొదటి బంతికి ఒక్క పరుగు తీసి అవతలి కొసకు వెళ్లాడు. ఇటు మిడ్జ్‌లీ, బౌలింగ్ తప్ప ఏమీ రానివాడు. అతను రెండో బంతిని ఆకాశంలోకి లేపాడు. టీవీలో బంతి ఇంకా పైకి వెళుతుండగానే ఫోన్‌లో సంత మూతపడింది. వికెట్ పడగానే సంతను కాసేపు మూస్తారు, టీవీ ఎప్పుడూ మైదానం కంటే కొన్ని సెకన్లు వెనక.

"అవుట్," అంది బ్రెండా. టీవీలో క్యాచ్ అప్పుడు పట్టారు.

"అయితే ఏం?" అని ట్రెవర్ బల్ల చరిచాడు. "పరిగెత్తి ఒకరినొకరు దాటేశారు! బ్యాటింగ్ ఇప్పుడు హాల్‌స్టెడ్‌దే!"

నాలుగు బంతులు, తొమ్మిది పరుగులు, రెండు వికెట్లు. బాగా కుదురుకున్నవాడు బ్యాటింగ్‌లో ఉంటే పట్టిక ముప్పై ఆరంది. సంత మళ్లీ తెరుచుకుంది. ధర అయిదుంపావు, అంటే పంతొమ్మిదే!

పదిహేడు తేడా! బ్రెండా ఏడాదిలో ఇంత తేడా చూడలేదు. ఉన్న ఇరవై రెండు పౌండ్లూ పెట్టడానికి వేలు మీట మీదికి వెళ్లింది.

"కొట్టు!" అన్నాడు ట్రెవర్. "ఏం చూస్తున్నావ్? ఊరికే వస్తున్నాయి!"

వేలు గాల్లోనే ఆగింది. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవర్ తప్పు, నలభై నిమిషాలైతే దారే మూసేసి ఉంటారని డిపో ఆమెకు నేర్పింది. కొంచెం తేడా ఉంటే సంత పొరబడి ఉండొచ్చు. ఇంత తేడా ఉందంటే తనకు తెలియనిదేదో సంతకు తెలుసు.

"ఏం తెలుసు వీళ్లకి?" అని గొణుక్కుంటూ ఆమె టీవీ చూసింది. కొత్తగా వచ్చిన పారీ నేరుగా బ్యాటింగ్ కొసకే నడుస్తున్నాడు. హాల్‌స్టెడ్ అవతలికి వెనక్కి వెళుతున్నాడు.

"అదేంటి! దాటేశారుగా!" ట్రెవర్ అరిచాడు.

"రూలు మారింది ట్రెవర్. క్యాచ్ అవుటైతే దాటినా దాటకపోయినా కొత్తవాడే ఆడాలి. చలికాలంలో పేపర్లో చదివాను. పట్టికకు చెప్పడం మరిచిపోయాను." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పారీ బ్యాటింగ్ అనుకుని మళ్లీ లెక్కేస్తే పంతొమ్మిదే వచ్చింది. టీ తాగింది.

పారీ కళ్లు మూసుకున్నట్టే బ్యాట్ ఊపి ఒక్క పరుగు తీశాడు. మూడు బంతులు, ఎనిమిది పరుగులు, ఇప్పుడు నిజంగానే హాల్‌స్టెడ్. బ్రెండా లెక్క ఇరవై ఎనిమిది. ధర నాలుగున్నర, అంటే ఇరవై రెండు. ఈ తేడా నమ్మదగ్గ తేడా. మామూలుగా అయితే రెండు పౌండ్లు పెట్టేది. ఇవాళ అంత తీరిక లేదు. పన్నెండు పెట్టింది.

"పసుపు వద్దులే, నీలం కుట్టించు," అంది క్లిఫర్డ్‌తో.

హాల్‌స్టెడ్ కొట్టిన బంతి స్టాండు కప్పు మీద పడి దొర్లింది. సిక్సర్! బార్ మొత్తం లేచి గెంతింది. క్లిఫర్డ్ కూడా అలవాటు తప్పి అరిచాడు. రెండు బంతులు, రెండు పరుగులు.

బ్రెండా మాత్రం కూర్చునే ఉంది. తన లెక్క డెబ్బై అయిదు. సంత సంబరంలో ఎనభై ఏడుకు పోయింది. ధర ఒకటీ పదిహేను. ఆమె నలభై ఏడు పౌండ్లకు అమ్మేసింది. అమ్మకం పడ్డాక ఇక యార్క్‌షైర్ గెలిచినా ఓడినా ముప్పై అయిదు లాభం, సంత నడిపే వాళ్ల కోత పోను ముప్పై మూడు.

"అమ్మావా?" ట్రెవర్ నోరు తెరిచాడు. "గెలిచే ఆటలో మన జట్టునే అమ్మావా? నీకు యార్క్‌షైర్ నీళ్లు ఎలా దిగుతున్నాయి?"

"జట్టును కాదు, ధరను."

అయిదో బంతికి పరుగు రాలేదు. ఆరో బంతిని హాల్‌స్టెడ్ నేరుగా బౌండరీ దగ్గర లాంగాన్‌లో నిలబడ్డ వాడి చేతుల్లోకి కొట్టాడు. ఒక్క పరుగుతో ఓటమి. బార్‌లో శ్మశానం లాంటి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బ్రెండా బంగాళాదుంపలు నమిలిన చప్పుడు మైదానం అవతలి గొర్రెలకు కూడా వినిపించిందని తర్వాత ట్రెవర్ ఊరంతా చెప్పాడు.

"ఎంత?" అన్నాడు క్లిఫర్డ్.

"యాభై అయిదు."

అతను పొట్లం పక్కకు నెట్టాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "సరే. కారవాన్ నిలిపే చోటు ఒక్కడికే బుక్ చేస్తాను. శనివారాలు ఫోన్‌లో స్కోరు చెబుతావా?"

"స్కోరెందుకు, అవకాశమే చెబుతా. ట్రెవర్, ఒక రబ్బరు, పెన్సిలు ఇటు పడెయ్."

రబ్బరు దొరికేలోపు ఆమె పట్టికలో చివరి ఓవర్ పేజీ తెరిచింది. ఆ రూలు కింద తప్పయిన గడులు నూట పన్నెండు. మొదటిదాని మీద గీత కొట్టి, కప్పు దగ్గరికి లాక్కుంది.