లెగే అమ్మీ

మా ఆయన మన్మథరావు రాయగడ స్టేషన్‌లో గూడ్సు గుమస్తా. ఊరు శ్రీకాకుళం వైపు. డ్యూటీ దిగి వచ్చాక కిటికీ దగ్గర కూర్చుని ఒడియా కథలను తెలుగులోకి రాసేవారు. డెబ్బై నాలుగులో పట్టుకున్న కథలో ఒక కొండమనిషి కూతురు జ్వరంతో పోతుంది. తల్లి నమ్మదు, లేపుతూనే ఉంటుంది. కథంతా పుస్తకాల ఒడియాలో ఉన్నా, ఆ తల్లి మాటలు మాత్రం కొండవాళ్లు మాట్లాడే దేశియా యాసలో ఉన్నాయి. అందుకని ఆవిడకు మన యాస పెట్టాలనుకున్నారు.

ఆ ముందు ఏడే మా కూతురు బాలామణి పోయింది.

"ఏటే కృష్ణవేణీ, ఆ యాల నువ్వేటన్నావు?" అని అడిగారు నా మొహం చూడకుండా.

"లెగే అమ్మీ, అంబలి సల్లారిపోతంది అన్నాను."

అదే రాసుకున్నారు.

అచ్చువేసే ఆయనది విజయవాడ. అన్ని జిల్లాలవాళ్లకూ అర్థం కావాలన్నాడు. సరే చూద్దామని, మా పక్కింటావిడ, ఇక్కడి కాగితం మిల్లు ఉద్యోగి భార్య, తెనాలి నుంచి వచ్చిన సూర్యావతిగారికి ఈయన చదివి వినిపించారు. ఆవిడ ఆ చోట ఫక్కున నవ్వింది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ! మా వైపు నాటకాల్లో పనివాళ్ల చేత ఇట్లా మాట్లాడించి నవ్విస్తారు. అలవాటై వచ్చేసింది."

నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఈయన ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు నాతో అన్నారు. "పలికినట్టు రాస్తే ఆళ్లకి నవ్వొస్తంది. 'సల్లారిపోతంది'ని 'చల్లారిపోతోంది' అని రాద్దాం. లెగే, అమ్మీ మాత్రం తియ్యను. అయి తీసేస్తే అది మన మడిసి కాదు."

అలా మార్చి మళ్లీ చదివారు. సూర్యావతిగారు ఈసారి నవ్వలేదు. "అమ్మీ అంటే కూతురనేగా, నాకు తెలిసిపోయిందండీ" అంది.

పుస్తకం అచ్చుకు పోయింది. వానలు పడేసరికి ఈయనకు దగ్గు ముదిరింది. ఆస్పత్రిలో కూడా, "ఆ రెండు మాటలు ఉంచేడో లేదో" అనేవారు. ఆ బెంగతోనే పోయారు.

దినాలు అయ్యాక పుస్తకం వచ్చింది. సూర్యావతిగారే పుట వెతికి చదివింది. "లే తల్లీ, అంబలి చల్లారిపోతోంది."

"అయ్యో వదినా, మార్చేశారే. ఉత్తరం రాయనా?"

"ఏటి రాస్తారమ్మా, అచ్చయిపోనాది కదా" అన్నాను.

ఆ పుస్తకం బాగుందని ఎవరెవరో రాస్తున్నారట. ఆ పుట నేనూ కూడబలుక్కుని చదివాను. అందులో తల్లి బాగానే ఏడ్చింది. ఎవరి పిల్ల కోసమో.