ముప్పావు సూది

పీర్‌సాహెబ్ వయసు నలభై అయిదు దగ్గర ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరికీ గుర్తులేదు. 1974లో మా తిరువూరు ఆసుపత్రిలో చీటీ రాసేటప్పుడు కూడా తడుముకోకుండా నలభై అయిదే చెప్పాడు. ఆయన కూతురు అజ్రాకి అప్పటికే నలభై నిండాయి. ఆ లెక్కన తండ్రికీ కూతురికీ అయిదేళ్లే తేడా. నాకు నవ్వాగక ట్రే వెనక్కి మొహం తిప్పుకున్నాను. గడ్డానికి గోరింటాకు, కళ్లకి సుర్మా, నెత్తిన జరీ టోపీ పెట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్న మనిషిని కాదనడం కూడా కష్టమే.

ఆయన సైకిల్ మీద గాజులు అమ్మేవాడు. వెనక కారియర్‌కి ఒక చెక్కపెట్టె, దాని మీద ఇంకో పెట్టె, హ్యాండిల్‌కి రెండువైపులా గాజుల తోరణాలు. తిరువూరులో తెల్లారగానే బయల్దేరి పెనుగొలను, నెమలి, గంపలగూడెం చుట్టి పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవాడు. గుంతల రోడ్డు మీద కూడా ఆయన సైకిల్ నీళ్ల మీద పడవలా పోయేది. దారిలో ఒక్క గాజు చిట్లితే ఆ రోజు అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడట, ఒక్కనాడూ పస్తులుండలేదట. ఇదంతా ఆయన చెప్పిందే. అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. కళ్లెలో క్షయ తేలింది. డాక్టర్ సీతారామారావుగారు రోజూ ఒక స్ట్రెప్టోమైసిన్ సూది, దాంతోపాటు ఐసోనియాజిడ్ మాత్రలు రాశారు. సూదులు వేసే నర్సుని నేనే. నా పేరు ప్రమీలారాణి. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు, నిజమే.

స్ట్రెప్టోమైసిన్ గ్రాము సీసాలో పొడిగా వచ్చేది. నాలుగు సీసీలు అయ్యేలా నీళ్లు కలిపి, నలభై లోపువాళ్లకి నాలుగూ ఎక్కించేదాన్ని, నలభై దాటితే మూడే. ఈ మందు లివర్‌లో అరగదనీ, కిడ్నీల గుండా మూత్రంలోనే పోవాలనీ డాక్టరుగారు మాకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పారు. వయసు మీదపడేకొద్దీ కిడ్నీల పని తగ్గుతుంది, జబ్బేమీ లేకపోయినా సరే. మందు పోవడం ఆలస్యమైతే ఒంట్లో పేరుకుంటుంది. పేరుకుంటే లోపలి చెవిని కొడుతుంది. మనిషిని తూలకుండా నిలబెట్టేది ఆ చెవే. అందుకే సూది మొదలెట్టకముందే మూత్రం పరీక్ష చేయాలి, తేడా ఉంటే ఇంకా తగ్గించాలి. పీర్‌సాహెబ్ చేతికి కూడా సీసా ఇచ్చాను. మర్నాడు పొద్దున తెచ్చాడు. గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద కాచి చూశాను. కిడ్నీల్లో తేడా ఉంటే తెల్లగా విరగాలి, ఎండాకాలం ఆకాశంలా ఒక్క తెల్లమబ్బు లేదు. డాక్టరుగారు సంతోషించి ముప్పావు గ్రాము రాశారు.

పీర్‌సాహెబ్ మాత్రం సంతోషించలేదు. రోజూ సూదికొచ్చినప్పుడు పక్క మంచం మీద ఇరవై రెండేళ్ల కుర్రాడికి సీసా మొత్తం ఎక్కించి, తనకి మూడొంతులే ఎక్కించడం కళ్లారా చూశాడు. మిగిలిన పావు ఏమైందని అడిగాడు. ముగ్గురి దగ్గర మిగిలిన పావులు కలిపి నాలుగోవాడైన రాయప్పకి వేస్తున్నానని ఉన్నమాట చెప్పాను. అది నేను చేసిన తెలివితక్కువ పని. రాయప్ప నెమలి నుంచి వచ్చే ముసలాయన, ఆ నెలలోనే నాలుగు శేర్లు ఒళ్లు చేశాడు. తన పావు తిని రాయప్ప బలుస్తున్నాడని పీర్‌సాహెబ్ వరండాలో అందరికీ చెప్పాడు. రాయప్ప పాపం నిజంగానే సిగ్గుపడి, ఒక రోజు రెండు మామిడిపళ్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఈయన తీసుకున్నాడు కూడా.

ముసలాళ్లకే తక్కువ వేస్తారని ఎవరో చెప్పాక గొడవ ఇంకా ముదిరింది. నేను ముసలాణ్ణా అని రోజూ సూదికి ముందోసారి, తర్వాతోసారి అడిగేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒక రోజు అన్నాను, ముందు మీ అమ్మాయి వయసు చెప్పండి, మీ వయసు తర్వాత చూద్దామని. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులే ఆసుపత్రి ప్రశాంతంగా ఉంది.

ఇరవై మూడో సూది నాడు ఆయన నడుచుకుంటూ వచ్చాడు. సైకిల్ ఏదంటే పంక్చర్ అన్నాడు. మర్నాడూ పంక్చరే. మూడోనాడు భార్య మహబూబీ, తమ్ముడి కొడుకు చాంద్‌బాషా చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. మోచేతికి గుడ్డ కట్టి ఉంది. పంక్చరన్న ఆ సైకిల్ మీదే ముందురోజు సాయంత్రం గంపలగూడెం రోడ్డులో పోతూ, కల్వర్టు దగ్గర సైకిల్‌తో సహా కిందికి దొర్లాడట. పెట్టె పగిలింది. పదహారు డజన్ల గాజులు కాలవ గట్టున రంగు రంగుల ముక్కలయ్యాయి. అప్పటికే వారం నుంచి ఆయన గోడలు పట్టుకుని నడుస్తున్నాడని పెనుగొలనులో ఆడవాళ్లు చూశారు. సాయిబు కల్లు మొదలెట్టాడని అనుకున్నారు. కుండకు మూకుడుంటుంది గానీ లోకానికి మూకుడు ఉంటుందా? గోలీసోడా తాగితేనే తల తిరుగుతుందని వద్దనే మనిషి ఆయన.

డాక్టరుగారు ఆయన్ని నిలబెట్టి పాదాలు దగ్గరగా పెట్టమన్నారు. కళ్లు తెరిచి ఉంటే నిలబడ్డాడు. కళ్లు మూసుకోమనగానే నా మీదికి ఒరిగిపోయాడు. పట్టుకున్నాను. ఎముకల బరువు తప్ప ఏమీ లేదు ఒంట్లో. నడిస్తే రోడ్డు ఎగిరెగిరి పడుతోందనీ, చీకటిపడితే కాలు ఎక్కడ పెడుతున్నాడో తెలియడం లేదనీ అప్పుడు చెప్పాడు. ఎన్నాళ్లనుంచి అంటే పది రోజులన్నాడు. ముందే చెబితే ముసలాడంటారని చెప్పలేదట.

డాక్టరుగారు అప్పటికప్పుడు సూది ఆపేసి, ఆయన్ని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ముప్పావుకే ఇంత తొందరగా ఇలా ఎందుకవుతుందో ఆయనకి అంతుపట్టలేదు. పాదాలు నొక్కి చూశారు. వేలు పెట్టిన చోట గుంట పడింది, నిండలేదు. మళ్లీ మూత్రం చూద్దాం అన్నారు. నేను సీసా తెచ్చి పీర్‌సాహెబ్‌కి ఇవ్వబోతుంటే చాంద్‌బాషా మధ్యలోనే అందుకుని దొడ్డివైపు నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మళ్లీ నిండా పొయ్యాలాండీ, పోయినసారిలా సగం చాలా?"

చాంద్‌బాషా లారీ డ్రైవరు, ఇరవై ఆరేళ్లు, గోడలాంటి మనిషి. అతని కిడ్నీలు మబ్బులేని ఆకాశంలా ఉండక ఎలా ఉంటాయి? డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుసు. నాకు మాత్రం కోపం నషాళానికంటింది. ఆయన మీద, సీసా చేతికిచ్చి ఇంటికి పంపిన నా మీద కూడా. మహబూబీ ముసుగులోంచి మెల్లగా లెక్క చెప్పింది.

"మా పెళ్లప్పుడు ఆయనకి ఇరవై ఎనిమిదమ్మా. పెళ్లయ్యి నలభై మూడేళ్లు."

డెబ్బై ఒకటి. పీర్‌సాహెబ్ పైకప్పు వైపు చూస్తున్నాడు. లోపం ఏదన్నా బయటపడితే క్షయ రోగుల శానటోరియంలో మంచానికి అంటించేస్తారని, సైకిల్ పోతుందని భయపడ్డాడట. ఈసారి ఆయన సొంత మూత్రాన్నే కాచాను. పైభాగం తెల్లగా విరిగి, యాసిడ్ చుక్క వేసినా కరగలేదు. రక్తం తీసి బస్సులో బెజవాడ పంపితే నాలుగు రోజులకి కాగితం వచ్చింది. యూరియా ఉండాల్సిన దానికి రెట్టింపుకి మించి ఉంది.

ఆయన మంచం పక్కన కూర్చుని తిట్టాలనే మొదలెట్టాను. కానీ ఆ మొహం చూస్తే తిట్టు రాలేదు. సైకిల్ తొక్కగలనా నర్సమ్మా అని అడిగాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. నాకు తెలియదన్నాను. అప్పుడు ఆయన భాషలోనే చెప్పాను.

"మీరు రోజూ పది డజన్లు కొని, రోజుకి మూడు డజన్లే అమ్మితే పెట్టె ఏమవుద్ది?"

"పగిలిపోద్ది."

కుర్రాడి కిడ్నీ పొద్దున ఎక్కించిన మందులో సగాన్ని రెండు మూడు గంటల్లోనే అమ్మేస్తుందని చెప్పాను. మర్నాటి సూదికి పెట్టె ఖాళీ. మీ కిడ్నీకి ఆ సగం అమ్మడానికే రోజు దాటిపోతుంది, నిన్నటి సరుకు మీద ఇవాళ్టి సరుకు, దాని మీద రేపటిది. చీటీ మీద వయసు మార్చొచ్చు, సీసాలో నీళ్లు మార్చొచ్చు, లోపల అమ్మేవాణ్ణి మార్చలేం. ఆయన బేరగాడు కదా, దారి తనే కనుక్కున్నాడు.

"అయితే కొనేదన్నా తగ్గించాలి, లేదా రోజూ కొనకుండా వారానికి రెండుసార్లు కొనాలి."

డాక్టరుగారు ఇటే వస్తూ విన్నారు. మొదటే నిజం తెలిసి ఉంటే సరిగ్గా ఆ రెండో పనే చేసేవాణ్ణన్నారు. ఇప్పుడు చెవి దెబ్బతిన్నాక ఈ మందు ఒక్క చుక్క కూడా వద్దని, ఐసోనియాజిడ్ లివర్ దారిన పోతుంది కాబట్టి అది మామూలుగానే సాగుతుందని, తోడుగా వేరే మాత్ర జాగ్రత్తగా చూసి ఇస్తానని చెప్పారు. మరి నా మిగిలిన పావుల సంగతేంటని పీర్‌సాహెబ్ అడిగాడు. సూదికొచ్చి పక్క మంచం మీద కూర్చున్న రాయప్ప కప్పుకున్న దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నాడు. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి పుట్టింది.

ఆ తర్వాత ఏడు వారాలు ఆయన మా వరండాలో నడక నేర్చుకున్నాడు. ముందు గోడ పట్టుకుని, తర్వాత గోడకి జానెడు దూరంలో, ఆ తర్వాత గోడ లేకుండా. చెవి చేయలేని పని కొంత కళ్లు చేస్తాయని డాక్టరుగారు అనేవారు. ఆ మాట పట్టుకుని ఆయన ఎదుటి గేటు మీద చూపు గుచ్చి నడిచేవాడు. మధ్యలో ఎవరడ్డొచ్చినా తిట్టేవాడు. డాక్టరుగారు అడ్డొచ్చినా అంతే.

ఒక సాయంత్రం చాంద్‌బాషా సైకిల్ తెచ్చాడు. పెట్టెలు లేవు, గాజులు లేవు. ఆసుపత్రి ఆవరణలో ఎక్కించాం. నేను కారియర్ పట్టుకుని వెనకే పరుగెత్తాను. తెల్లచీర కాళ్లకి అడ్డంపడుతోంది, నా నర్సు టోపీ ఎక్కడో పడిపోయింది, వరండాలో దగ్గేవాళ్లంతా దగ్గడం మానేసి చూస్తున్నారు. వదులమ్మా, వదులు అంటాడాయన. వదలనంటాను నేను. మూడో చుట్టులో ఊపిరందక వదిలేశాను. ఆయనకి తెలియదు. అటొకసారి ఒరిగి, ఇటొకసారి ఒరిగి, చక్కబడి సాగిపోయింది సైకిల్. నేను ఆవరణ మధ్యలో నిలబడి చంటిపిల్లలా ఏడ్చాను, నవ్వాను కూడా. మహబూబీ వచ్చి నా భుజం పట్టుకుంది.

పొద్దు వాలుతోంది. గేటు దగ్గర వేపచెట్టు నీడ అప్పటికే నల్లగా పరుచుకుంది. ఆ నీడలోకి వెళితే నేల కనపడదు, ఆయన పడతాడు. కేకేసినా వినిపించుకోడు. అందరూ చూస్తున్నారు, ఇంక ఆయన్ని ఆపేవాడెవడు అనుకున్నాను.

నీడ అంచుకి రాగానే పీర్‌సాహెబ్ బ్రేకు పట్టాడు. కాలు నేల మీద పెట్టి దిగాడు. హ్యాండిల్ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ, సైకిల్‌ని నడిపించుకుంటూ ఆ నీడ దాటాడు.