బెలూన్, నూనె లేని తల

ఆ మార్చిలో నా బతుకంతా ఒక బెలూన్ మీద ఆధారపడింది. చెబితే నవ్వొస్తుంది కానీ నిజం. పంజాగుట్ట సందులో ఓ ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి డెమో క్లాసు. ఈ ఉద్యోగం కూడా రాకపోతే మధురానగర్ హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చెయ్యమని నాన్న తేల్చి చెప్పేశారు. వెళ్తే మళ్లీ బయటపడేది లేదని నాకు తెలుసు.

ముందురోజు హాస్టల్లో తలస్నానం చేసి, ఆరిన జుట్టుకు బెలూన్ రుద్దితే కాగితం ముక్కలు ఎగిరొచ్చి అతుక్కున్నాయి. ఇంకేం, ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను.

తీరా క్లాసులో ప్రిన్సిపల్ మేడమ్ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పారిపోదామన్నా దారి లేదు. ముందు బెంచీ పిల్ల తలకు బెలూన్ ఇరవైసార్లు రుద్దాను. బల్ల మీది కాగితం ముక్కలు ఉలకలేదు, పలకలేదు. పక్కనున్న పిల్లాడి తలకు రుద్దాను. ఊహూ. నాకు చెమటలు పట్టేశాయి.

"గిది ఉత్త బుగ్గనే టీచర్!" అన్నాడు వాడు, నా చేతిలోని బెలూన్‌ను చూపిస్తూ. క్లాసంతా ఒకటే నవ్వు.

అప్పుడు చూశాను, బెలూన్ నిండా జిడ్డు. ఏ తల చూసినా కొబ్బరినూనె, నున్నగా దువ్విన పాపిడి. ఈ స్కూల్లో అది రూలు. పద్ధతిగా కనబడాలని నేనూ నూనె పట్టించి జడేసుకొచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"నూనె రాసుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాను.

వేళ్లన్నీ వెనక బెంచీ వైపు తిరిగాయి. అక్కడ కూర్చున్న పిల్ల తల దించుకుంది. "మా అమ్మ పొద్దుగాలనే పనికి పోతది టీచర్. నూనె పెట్టనీకి ఎవ్వరు లేరు."

కొత్త బెలూన్ ఊది ఆ తలకు రుద్దాను. బెలూన్ పైకెత్తితే దాని వెంట వెంట్రుకలూ లేచాయి! బల్ల దగ్గరికి తెచ్చానో లేదో కాగితం ముక్కలు టపటపా ఎగిరొచ్చి అంటుకున్నాయి.

"రుద్దినప్పుడు జుట్టులోంచి కంటికి కనబడని విద్యుత్ కణాలు బెలూన్ మీదికి చేరతాయి. అందుకే అది కాగితాన్ని లాగుతుంది. నూనె అడ్డుపడితే అవి సరిగ్గా చేరవు," అన్నాను.

"టీచర్, జర మళ్ల చెయ్యుండ్రి!" ఆ పిల్ల గెంతుతోంది. మిగతావాళ్లు దాని చుట్టూ మూగారు. నాకు ఏడుపొచ్చినంత సంతోషం.

మేడమ్ లేచి వచ్చింది. "మంచిగ చెప్పిన్రు. సోమవారం నుంచి వచ్చేయండి." ఆ చేత్తోనే ఆ పిల్ల డైరీ తెరిచి నా ముందు పెట్టింది. "నూనె లేకుండ స్కూల్‌కు పంపొద్దని వాళ్లమ్మకు రాయండి. ఇప్పటి నుంచి మీరు ఇక్కడి టీచరే కదా."

పిల్ల నా వంక చూసింది. ఇంకా నవ్వుతూనే ఉంది, నేను ఏదో మంచిమాట రాస్తాననుకుని. వద్దని ఒక్క ముక్క అనాలి. పెన్ను మూత తీశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా రాశాను, కింద సంతకం కూడా పెట్టాను.