షేర్వాణీ రంగు, కాలర్ చీటీ

హిందూపురంలో పెళ్లి ఆల్బం చేయించాలంటే తన దగ్గరికే రావాలని మున్వర్ నమ్మకం. ఊళ్లో ఇంకో నలుగురు ఎడిటర్లకు కూడా అదే నమ్మకం ఉంది, అది వేరే సంగతి. జిరాక్స్ అంగడి మీద మిద్దెలో ఒక గది, రెండు మానిటర్లు, తిరిగేటప్పుడు టకటకమనే ఒక ఫ్యాను, ఇదీ అతని రాజ్యం. పెనుకొండ నుంచి, ధర్మవరం నుంచి, చిలమత్తూరు నుంచి ఫోటోగ్రాఫర్లు హార్డ్ డిస్కుల్ని పాత బట్టలో చుట్టి బస్సులో పంపుతారు. అతను నల్లవాళ్లను చామనఛాయకు తెస్తాడు, మూసుకున్న కళ్లు తెరిపిస్తాడు, పెళ్లికి రాని మామను తెచ్చి గ్రూపు ఫోటోలో చివరన నిలబెడతాడు. పన్నెండేళ్లుగా ఇదే పని. వయసు ముప్ఫై రెండు. ఇన్ని పెళ్లిళ్లు చక్కదిద్దిన మనిషికి తన పెళ్లి మాత్రం కుదరలేదు.

ఒకసారి కుదిరినట్టే కుదిరింది. పిల్లది పెనుకొండ, పేరు అఫ్రీన్. మధ్యవర్తి మున్వర్ పిన్నమ్మ ఆయేషానే. మున్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మ జమ్రూద్‌తో కలిసి వెళ్లి, బిస్కెట్లు తిని, టీ తాగి వచ్చాడు. పిల్లను చూసింది ఐదు నిమిషాలు. బాగానే ఉందనుకున్నాడు, అంతకు మించి ఏమీ అనుకోలేదు. పది రోజుల తర్వాత పిన్నమ్మ నసుగుతూ కబురు తెచ్చింది. పిల్లోడు మంచోడే గానీ, గదిలో కూర్చుని కంప్యూటర్ నొక్కుకునే పని వాళ్ల నాయనకు నచ్చలేదట. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఇంటికి ఇస్తున్నారట.

ఆ రోజు నుంచి మున్వర్‌కు ధర్మవరం పేరు వింటేనే ఒళ్లు మండేది. పట్టుచీర ఎక్కడ కనబడినా మొహం తిప్పుకునేవాడు. ఇది అసూయ అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. నేను చెబుతున్నాను కదా, అచ్చమైన అసూయే.

ఇక చూడండి వాడి తలరాత. ఐదు నెలలు గడిచాక పెనుకొండ ఫోటోగ్రాఫర్ శివకృష్ణ పంపిన డిస్కు కంప్యూటర్‌కు తగిలించి, ఫోల్డర్ తెరిచాడు. స్టేజీ మీద ఎర్రటి పెళ్లిబట్టల్లో అఫ్రీన్, పక్కన మెరూన్ రంగు షేర్వాణీలో ధర్మవరం జాకీర్. శివకృష్ణకు పాత సంగతులేవీ తెలియవు. తెలిస్తే పంపేవాడు కాదేమో. మున్వర్ అయినా ఆ పని తిప్పి పంపేయొచ్చు. పంపలేదు. చూడాలనిపించింది. పుండును గోకకుండా ఉండలేని రకం కొందరుంటారు.

మరునాడు పొద్దున్నే పెళ్లికొడుకు దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. "సలామలైకుం అన్నా. శివకృష్ణన్న మీ నంబర్ ఇచ్చినాడు. ఆల్బంలో నా షేర్వాణీ రంగు మార్చల్ల. మెరూన్ వద్దు, ముదురు నీలం చేయండి. ఇంకొకటన్నా, కాలర్ ఎనక ట్యాగ్ బయటికొచ్చి కనపడతాంది. 2214 నంబర్ ఫోటోలో బాగా కనపడతాంది. అది తీసేయండి. దయచేసి ఎవురికీ చెప్పొద్దు."

ఎవరికీ చెప్పొద్దన్న మాట దగ్గర మున్వర్ ఆగాడు. రంగు మార్చమని రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందులో గుట్టేముంది? 2214 తెరిచి దగ్గరికి లాగాడు. నిఖా అయిపోయి, పెళ్లికొడుకు మొహం మీది పూల సెహ్రా ఎత్తేశారు. అతను ముందుకు వంగి ఎవరో పెద్దాయనకు సలాం చేస్తున్నాడు. స్టేజీ పక్కన నిలబడిన రెండో కెమెరా తీసిన ఫోటో అది. మెడ వెనక, కాలర్ పైకి, పిన్నుతో గుచ్చిన తెల్లగుడ్డ చీటీ. దాని మీద నల్ల మార్కర్‌తో నలభై ఏడు అనే అంకె, కింద ఒక అంగడి పేరు. హిందూపురంలో పెళ్లిబట్టలు బాడుగకు ఇచ్చే అంగడి అది.

మున్వర్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఎక్కడో చూశానే అనుకుని పాత ఫోల్డర్లు వెతికాడు. రెండు నెలల కిందట చేసిన చిలమత్తూరు పెళ్లిలో దొరికింది. అదే షేర్వాణీ, అదే మామిడిపిందెల జరీ, పైనుంచి మూడో గుండీకి అదే వేరే రంగు దారం.

బెంగళూరులో కొలతలిచ్చి కుట్టించిన షేర్వాణీ అని అఫ్రీన్ వాళ్ల వీధంతా చెప్పుకున్నారు. పిన్నమ్మ ఆ మాట తెచ్చి జమ్రూద్ చెవిలో వేస్తే, జమ్రూద్ తెచ్చి కొడుకు కంచం ముందు వేసింది. ఇదిగో, కుట్టించిన షేర్వాణీ! మున్వర్‌కు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఒక్కడే కూర్చుని గట్టిగా నవ్వాడు.

ఊరుకోలేక ఫోన్ చేశాడు. "ఏమప్పా, రంగు ఎందుకు మార్చల్ల? మెరూన్ బాగానే ఉండాది గదా."

"మా బంధువుల పెండ్లిలో గూడా ఇట్లాంటిదే వేసినారన్నా. రెండు ఆల్బములూ పక్కపక్కన పెట్టి చూస్తే బాగుండదని" అన్నాడు జాకీర్. గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. అది కూడా మున్వర్‌కు నచ్చలేదు.

"మరి వీడియోలో మెరూనే ఉంటాది. దాన్ని నేను మార్చలేను."

"వీడియో ఎవురు చూస్తారన్నా. ఇంటికొచ్చినోళ్లు తిరగేసేది ఆల్బమే గదా."

"ట్యాగ్ ఏం ట్యాగ్?"

"కొన్న అంగట్లో తీయడం మర్చిపోయినారన్నా" అని చెప్పి, తొందరగా సలాం చెప్పి పెట్టేశాడు.

నాలుగు రోజులు పట్టింది పని. మెరూన్‌ను నీలం చేయడం ఒక మీట తిప్పితే అయిపోయేదే. కానీ పెళ్లికూతురు బట్టలూ ఎరుపే కదా, మీట తిప్పితే ఆ పిల్ల కూడా నీలమైపోతుంది. గోరింటాకు చేతులూ, పెదాలూ కూడా రంగు మారిపోతాయి. అందుకని ప్రతి ఫోటోలో షేర్వాణీ చుట్టూ చేత్తో గీత గీసి వేరు చేయాలి. అఫ్రీన్ చెయ్యి అతని చేతి మీద ఉన్నచోట, ఒక్కో వేలి చుట్టూ తిరిగి రావాలి. పరాయివాడి భుజం మీద ఆనిన ఆ వేళ్లను మున్వర్ ఒక్కొక్కటిగా గీసుకుంటూ పోయాడు. గీసినప్పుడల్లా కడుపులో మంట. ఈ పిల్ల నవ్వుతున్నది ఎవడిని చూసి? బాడుగ బట్టల్లో వచ్చి, కుట్టించానని కోతలు కోసిన మొగోడిని చూసి. నేను వద్దట, వీడు ముద్దట.

అప్పుడు పుట్టింది ఆ బుద్ధి. చీటీ ఇంకెక్కడన్నా తొంగిచూస్తే తీసేస్తాడు. 2214లో మాత్రం వదిలేస్తాడు. దాన్ని రెండు పేజీల నిండా పరుస్తాడు. పేజీలన్నీ చిన్నచిన్నగా పేర్చి నమూనా వాట్సాప్‌లో పంపితే ఫోన్ తెర మీద నలక మాదిరి కనబడుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఆల్బం అచ్చయి వచ్చాక, మూడడుగుల పొడవున పరుచుకున్న ఫోటోలో అంకె, అంగడి పేరు చదువుకోవచ్చు. పెనుకొండలో అఫ్రీన్ పుట్టింటివాళ్లు ఆ ఆల్బం తెరుస్తారు. వాళ్ల నాయన కళ్లద్దాలు పెట్టుకుని చూస్తాడు. ఆ ముసలాయన మొహం ఊహించుకుంటేనే మున్వర్‌కు ఆకలి తీరినట్టుంది. ఎవరైనా అడిగితే పొరపాటున మిగిలిపోయింది అంటాడు. ఎడిటర్ పేరు చెడుతుంది, చెడనీ.

నమూనా పంపాడు. గంటలో జవాబు వచ్చింది. "సూపర్ అన్నా. ఓకే. ప్రింట్‌కు పంపేయండి."

ఇక ఆల్బం అచ్చువేసే బెంగళూరు ల్యాబుకు ఫైళ్లు ఎక్కించడమే మిగిలింది. కానీ దుర్మార్గం చేసేవాడికి కూడా పనితనం ఉంటుంది. చీటీ మీది అక్షరాలు కాస్త మసకగా ఉన్నాయనిపించింది. అదే క్షణంలో కెమెరా వరసగా నాలుగైదు తీసి ఉంటుంది కదా, వాటిలో ఇంకా స్పష్టంగా ఉన్నది వాడుకుందామని, శివకృష్ణ ఏరకుండా వదిలేసిన ఫోటోలు కూడా ఉన్న అసలు ఫోల్డర్ తెరిచాడు.

2213. జాకీర్ వంగుతున్నాడు. చీటీ అప్పుడే బయటికొచ్చింది. అఫ్రీన్ దాన్నే చూస్తోంది. కళ్లు సూటిగా ఆ అంకె మీద ఉన్నాయి.

2214 తనకు తెలిసినదే. అందులో ఆ పిల్ల ముందుకు చూస్తోంది.

2215. అఫ్రీన్ చెయ్యి లేచింది. చూసేవాళ్లకు దండ సర్దుతున్నట్టే ఉంది. మొహం ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ల వైపు, నవ్వు చెదరలేదు. రెండు వేళ్లు మాత్రం కాలర్ వెనక, చీటీని లోపలికి తోస్తున్నాయి.

2216. చీటీ లేదు. ఆ చెయ్యి అతని మెడ వెనక ఇంకా అట్లాగే ఉంది. జాకీర్‌కు ఏమీ తెలియలేదు, పెద్దాయనతో మాట్లాడుతున్నాడు.

మున్వర్ ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు తిప్పి చూశాడో లెక్కలేదు. అంటే ఆ పిల్ల చూసింది. చదివింది. నిఖా అయి పావుగంట కాకముందే, బెంగళూరు షేర్వాణీ సంగతి తేల్చుకుంది. అలగలేదు, అమ్మను పిలవలేదు, మొహం కూడా మాడ్చుకోలేదు. దాచేసింది. మొగుడికి కూడా చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే పాపం అతను ఎవరికీ చెప్పొద్దని తనను బతిమాలేవాడు కాదు కదా.

అంతదాకా మున్వర్ కుళ్లుకున్నది పట్టుచీరల అంగడిని చూసి. ఆ అంగడి బాగా నడుస్తుంటే షేర్వాణీ బాడుగకు ఎందుకు తెస్తాడు? అదేం పెద్ద ఆస్తి కాదు. జాకీర్ దగ్గరున్న అసలు ఆస్తి ఇదిగో, ఈ రెండు వేళ్లు. అది తెలిశాక మంట తగ్గలేదు, పదింతలయింది. వాడికి తెలియను కూడా తెలియదే! తనకు దొరికిందేమిటో ఎరగని వాడికి దొరికింది!

అయినా 2214 తీసేసి, ఆ జాగాలో 2216 పెట్టాడు. దానికి కొత్తగా గీత గీసి, షేర్వాణీ నీలం చేశాడు. 2215ను ఆల్బంలో పెట్టొచ్చు, చాలా అందమైన ఫోటో. పెడితే జాకీర్ చూస్తాడు, పెళ్లానికి తెలుసన్న సంగతి తెలిసిపోతుంది. పెట్టలేదు. ఆ పిల్ల దాచిందాన్ని బయటపెట్టడానికి చెయ్యి రాలేదు. "ఒక ఫోటో మార్చినానప్పా, ట్యాగ్ యాడా లేదు" అని జాకీర్‌కు మెసేజ్ పెట్టి, ఫైళ్లు ల్యాబుకు ఎక్కించడం మొదలుపెట్టాడు.

అప్పుడే జమ్రూద్ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. తెర మీద ఫోటో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది పెనుకొండ పిల్ల గదరా! ఈ పని నీకెవురిచ్చినారు? చేయనని చెప్పకపోయినావా?"

"అయిపోయిందిలేమ్మా. పంపిస్తాండా."

జమ్రూద్ స్టూలు మీద కూర్చుని కొడుకు మొహం చూసింది. "పోనీలేరా. గుడిబండలో ఒక సంబంధం ఉండాదంట. మీ పిన్నమ్మ నిన్ననే చెప్పింది. ఆ పిల్లను మర్చిపో. వాళ్లు వద్దన్న పొద్దు గూడా నువ్వు ఇంత దిగులుపడలేదే."

"ఆ పొద్దు నాకు కోపమొచ్చిందమ్మా, అంతే" అన్నాడు మున్వర్. "ఆ పిల్ల నాకు కావాలని ఈ పొద్దే తెలిసింది."

జమ్రూద్ క్యారియర్ మూత తీయబోయి, తీయకుండా అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.