డబ్బాలోని లెక్కలు

మా అన్నకు ఇంటిగ్రేషన్ అంటే చలిజ్వరం. డిగ్రీ పేపర్లన్నీ గట్టెక్కించి, మొదటి సంవత్సరం కాలిక్యులస్ ఒక్కటి మిగుల్చుకున్నాడు. అదే పేపరు ఆ ఏడు నేనూ రాయాలి. తిరుపతిలో చిన్న గది తీసుకుని ఇద్దరం చదువుకునేవాళ్లం. నగరిలో మగ్గాలు నడిపే నాయన ముందే చెప్పేశాడు.

"వాడు ఈ తూరి తప్పితే ఇద్దరూ ఇంటికి రావాల్సిందే. అన్న తోడు లేకుండా ఆడపిల్లను ఆడ పెట్టేది లేదు."

అంటే నా చదువు నా చేతిలో లేదు, వాడి ఇంటిగ్రేషన్‌లో ఉంది. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేయను? పరీక్షకు ముందు సెలవులు రెండు వారాలు. నగరికి రాగానే వాడిని కూర్చోబెట్టి వరస తప్పించి లెక్కలిచ్చి చూశాను. సూత్రాలన్నీ వచ్చు. "ఇది బై పార్ట్స్" అని చెబితే చక్కగా చేస్తాడు. చెప్పకపోతే ఏ పద్ధతి పట్టాలో తెలియక దిక్కులు చూస్తాడు. పుస్తకంలో పాఠం పేరు చూసి పద్ధతి పట్టుకునే అలవాటు. పరీక్ష పేపరులో ఆ పేరు ఉండదు.

అందుకని మొదటి వారం రోజుకో పద్ధతి పెట్టాను: సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్, సైన్ కాస్ ఘాతాలు, ఇలా. రెండో వారానికి లెక్కలన్నీ చీటీల మీద రాసి పాత బిస్కెట్ల డబ్బాలో వేసి కలిపాను. చీటీ తీసి, కలం ముట్టకుండా ఏ పద్ధతో, ఎందుకో చెప్పాలి. ఆ తర్వాతే చేయాలి. చేసేకొద్దీ లెక్క పెద్దదైపోతుంటే అక్కడే ఆపి పద్ధతి మార్చాలి. చివరి రెండు రోజులు గడియారం పెట్టుకుని పాత పేపర్లు.

మొదటి వారం నాయన పని మధ్యలో వచ్చి గడపలో కూర్చునేవాడు. ఆయనకు లెక్కలు రావు కానీ ప్రతి లెక్కకూ "సరిపోయిందా?" అని అడిగేవాడు. సరిపోయిందంటే మొహం వెలిగిపోయేది. "మావోడు గట్టోడే" అని అమ్మకు చెప్పుకునేవాడు.

రెండో వారం డబ్బా తీశాను. మొదటి రోజు మూడొంతులు తప్పాడు. రెండో రోజూ అంతే. అలాగే అవుతుందని నాకు తెలుసు. తప్పినవాటిని మళ్లీ డబ్బాలో వేస్తున్నాను. నాయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"బాగా సేస్తా ఉన్నోణ్ణి నువ్వే సెడగొడతా ఉండావు పాపా. మగ్గం మీదెక్కిన ఒక పడుగు అయిపోయేదాకా డిజైను మారుస్తామా? మారిస్తే గుడ్డ ఏమైతాది?"

"పరీక్షలో అన్నీ కలిపే ఇస్తారు నాయనా."

"నువ్వు ఊరుకో. రేయ్, ముందు మాదిరే సదువుకో."

అన్న నా వైపు చూడలేదు. వాడికి ప్రాణం లేచొచ్చినట్టయింది. పుస్తకం తీసి పాఠం వరసనే చేసుకుంటూ పోయాడు. అన్నీ సరిపోయాయి. ఇల్లంతా సంతోషం. డబ్బా పట్టుకుని నేనొక్కదాన్నే ఏడ్చాను, కోపంతో.

పరీక్ష రాసి తిరుపతి నుంచి బస్సులో ఇంటికి వస్తుంటే అడిగాను.

"x ఇంటూ e పవర్ x స్క్వేర్ ఎట్ల చేసినావన్నా?"

"బై పార్ట్స్. x ఇంటూ e పవర్ x మాదిరే కదా అనుకుంటి. చేసేకొద్దీ పెద్దదవతా వచ్చింది. x క్యూబ్ వచ్చె, మళ్లీ చేస్తే ఐదో ఘాతం వచ్చె. మూడు పేజీలు పోయినాయి. మిగతావాటికి టైము చాల్లేదు."

x స్క్వేర్‌ను t అనుకుంటే రెండు వరసల లెక్క. నేను చెప్పలేదు. కిటికీలోంచి పుత్తూరు కొండలు చూస్తూ కూర్చున్నాను.

నేను మంచి మార్కులతో పాసయ్యాను. అన్న తప్పాడు. నాయన మాట మీద నిలబడే మనిషి. తిరుపతి వెళ్లి గది ఖాళీ చేసి వచ్చాడు. అన్న మగ్గం దగ్గర నిలబడ్డాడు. నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టడం మొదలుపెట్టాను.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, మగ్గాల మోతలోంచి అన్న అరిచాడు.

"పాపా! ఆ లెక్క సబ్‌స్టిట్యూషన్ కదా? బయట x ఉండాది గదా, లోపల x స్క్వేర్‌ను డిఫరెన్షియేట్ చేస్తే వచ్చేది అదే గదా!"

ఎవరూ చెప్పకుండా, ఎందుకో కూడా చెబుతూ వాడంతట వాడే పట్టుకున్న మొదటి పద్ధతి అది.

"అవునన్నా" అన్నాను. ఆ మోతలో వాడికి వినపడలేదు. నేను కండె మార్చి మళ్లీ రాట్నం తిప్పాను.