కెంపుల అట్టిగ, భారతమ్మ మింగిన మాట

చిత్తూరులో బెల్లం మండీల వెనక వీధిలో పెళ్లి కుదిరిందంటే ఆడవాళ్లు ముందు భారతమ్మ గడప తొక్కేవాళ్లు. పీట మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేంత ఆస్తిపరురాలేం కాదు ఆవిడ. ఉమ్మడి ఇంటికి పెద్ద కోడలు, ఇద్దరాడపిల్లల తల్లి, మెళ్లో పుస్తెల తాడు, చెవులకు చిన్న కమ్మలు, అంతే. కానీ నగలు కడగడంలో ఆమె చెయ్యి అలాంటిది. తలనూనె, చందనం, కుంకుమ, చెమట పట్టి జిడ్డోడుతున్న గొలుసును ఆమె చేతికిస్తే, గంటలో కొత్త దానిలా తిరిగొచ్చేది.

మంత్రమేమీ లేదు. సత్తు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, అందులో చంటిబిడ్డకు వాడే సబ్బు నాలుగు తురుములు, కుచ్చు మెత్తబడిన పాత పళ్ల బ్రష్షు, ఉతికిన పంచె ముక్క. గొలుసులు, గాజులు కాసేపు నాననిచ్చి, సందుల్లో మెల్లగా రుద్ది, ఇంకో గిన్నెలో మంచినీళ్లలో ముంచి తీసి, ఒత్తి తుడిచి నీడన ఆరబెట్టేది. జారితే కొట్టుకుపోతుందని తూము దగ్గర మాత్రం కూర్చునేది కాదు. చింతపండన్నా, చాకలి సోడా అన్నా, బూడిదన్నా, పళ్లపొడన్నా ఒంటికాలి మీద లేచేది.

"పళ్లపొడేసి రుద్దితే మెరస్తాది నిజమే. గీతలు పడి బంగారం అరిగిపోతాది, అది కనపడదా మీకు?" అని ఎంత పెద్దింటి ఇల్లాలినైనా కసిరేది.

ముత్యాలను, పగడాలను నీళ్లలో వెయ్యనిచ్చేది కాదు, తడిగుడ్డతో తుడిచేది. రాళ్ల నగ వస్తే తిప్పి వెనక చూసేది. వెనక తెరిచి ఉంటే సరే, సబ్బునీళ్లు పడతాయి. మూసి ఉంటే చచ్చినా ముంచదు. రాయి వెనక లక్క, దాని మీద మెరుపు రేకు ఉంటాయి, నీళ్లు దూరితే రేకు నల్లబడి రాయి చచ్చిపోతుంది. ధనంజయాచారి అనే ముసలి కంసాలి ఈ సంగతి ఆమెకు పెళ్లైన కొత్తలో చెప్పాడు. చెప్పింది అత్తగారి అట్టిగ చూపించే.

ఆ అట్టిగ దగ్గరే ఉంది మన కథంతా. మెడకు అతుక్కుని ఉండే కెంపుల అట్టిగ, వెనక మూసిన కట్టడం. అత్త శకుంతలమ్మ సొత్తు. పదిహేనేళ్లు ప్రతి పండక్కీ భారతమ్మే తడిగుడ్డ కొసతో ఒక్కొక్క కెంపునూ తుడిచి, పొడిగుడ్డతో అద్ది, దూది పరిచిన డబ్బాలో పెట్టేది. ఎన్ని రాళ్లో, ఏ రాయి కొంచెం వంకరో ఆమెకు తెలుసు. పెద్ద కోడల్ని కదా, ఇయ్యాళ కాకపోతే రేపు నాదే అనుకుంది. ఎవరూ మాటివ్వలేదు, ఆమే అనుకుంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది చిన్న కోడలు ప్రసూనాంబ మగబిడ్డను కన్నది. నామకరణం రోజు శకుంతలమ్మ అందరి ముందూ ఆ అట్టిగను ప్రసూనాంబ మెళ్లో కట్టింది. పొద్దున్నే దాన్ని తుడిచి డబ్బాలో పెట్టి అత్త చేతికిచ్చింది ఎవరనుకున్నారు? భారతమ్మే! నవ్వుతూనే వడ్డించింది, వంటింట్లోకొచ్చి పళ్లు కొరుక్కుంది.

పోనీ ఆ పిల్ల గర్వంగా ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక వీలుండేది. ప్రసూనాంబ అట్లా కాదు. అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకు తిరిగే మనిషి. దానికీ భారతమ్మకు ఒళ్లు మండేది.

మూడు నెలలకు నగరిలో ప్రసూనాంబ తమ్ముడి పెళ్లి వచ్చింది. బయల్దేరే ముందురోజు ఆమె అట్టిగ పట్టుకుని భారతమ్మ దగ్గరికొచ్చింది.

"అక్కా, దీన్ని కొంచెం కడిగిస్తావా? బిడ్డ చేతి జిడ్డంతా పట్టేసినాది."

"నాకు పని ఉండాది. నీ నగ నువ్వే కడుక్కో."

"ఎట్ల కడగాలో సెప్పక్కా, అట్నే చేస్తా."

భారతమ్మ చెప్పింది. గోరువెచ్చని నీళ్లని చెప్పింది, సబ్బు తురుమని చెప్పింది, మెత్తటి బ్రష్షని, తూము దగ్గర వద్దని, పళ్లపొడి వెయ్యొద్దని, అన్నీ చెప్పింది. ఒక్క మాటకూ వంక పెట్టడానికి లేదు. దీన్ని మాత్రం నీళ్లలో ముంచకు అన్న ఒక్క ముక్క గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

రుబ్బురోలు దగ్గర కూర్చుని, కళ్లు మాత్రం పెరట్లోనే పెట్టుకుంది. ప్రసూనాంబ గిన్నెలో నీళ్లు పోసింది, సబ్బు తురిమింది, అట్టిగను పూర్తిగా ముంచింది. లేచి రెండడుగులేసి చెప్పొచ్చు. అర గంట టైముంది. భారతమ్మ పిండి రుబ్బుతూనే ఉంది. అట్టిగ పైకి తీసేసరికి తళతళలాడుతోంది. అది చూసి కూడా ఓర్వలేకపోయింది.

పెళ్లి నుంచి తిరిగొచ్చేసరికి కెంపులు కెంపుల్లా లేవు. సగానికి పైగా మసిపట్టినట్టు చచ్చిపోయాయి, రెండు రాళ్ల అంచుల్లో మురికి చార కూడా దిగింది. ముగ్గురూ ధనంజయాచారి ఇంటికెళ్లారు. ఆయన అట్టిగను తిప్పి చూసి, సన్న సూదితో ఒక రాయి లేపాడు. వెనక రేకు నల్లగా ఉంది.

"నీళ్లు పోయినాయమ్మా లోపలికి. రాళ్లకేం కాలేదు. అన్నీ ఊడదీసి రేకులు మార్చాల. మా నాయన కట్టిన కట్టడం ఇది, అంత బాగా మళ్లీ కుదురుతాదని నేను సెప్పలేను." కళ్లద్దాలు తీసి భారతమ్మ వైపు చూశాడు. "నువ్వుండే ఇంట్లో ఇట్లెట్ల జరిగినాది తల్లీ?"

చెప్పానని ఒక్క అబద్ధం ఆడితే చాలు, వీధిలో భారతమ్మ పేరు నిలబడుతుంది, ఆమె చేతి మీద గురి నిలబడుతుంది. ఆలోగా ప్రసూనాంబే అందుకుంది.

"అక్క సెప్పే ఉంటాది మామా. బిడ్డ ఏడస్తా ఉంటే నేనే సరిగ్గా ఇనలేదు."

అబద్ధం ఆడాల్సిన పని కూడా లేకుండా పోయింది. ఆ పిల్ల మొహంలో కపటం లేదు, నిజంగానే అట్లా నమ్మింది. నగ పోయింది, ఆ నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. మనిషి అట్లా ఎట్లా ఉంటుందో భారతమ్మకు తెలియలేదు. అట్టిగ మీద పడ్డ కుళ్లు కంటే ఈ కుళ్లు ఎక్కువ మండింది.

"సెప్పలేదు," అంది. "అన్నీ సెప్పినా, ముంచకూడదని మాత్రం సెప్పలేదు. తెలిసే సెప్పలేదు. ముంచేటప్పుడు సూస్తానే ఉన్నా."

ఎవరూ తిట్టలేదు. శకుంతలమ్మ కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ప్రసూనాంబ తోడికోడలి మొహం కేసి చూసి, ఆచారిని అడిగింది, ఇక మీదట దాన్నెట్లా తుడవాలో తనకు చూపించమని. ఆయన గుడ్డ కొస తడిపి, పిండి, చూపించాడు.

రేకులు మార్చిన అట్టిగ నెలకు ఇంటికొచ్చింది. వీధి ఆడవాళ్లు ఎప్పటిలాగే భారతమ్మకు గొలుసులు తెచ్చిస్తూనే ఉన్నారు, ప్రసూనాంబ ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు మరి. అక్కా అని పిలవడమూ మానలేదు. ఉగాది ముందురోజు భారతమ్మ సత్తు గిన్నె, పంచె ముక్క సిద్ధం చేసుకుని, అట్టిగ తుడవమని పిలుపు వస్తుందేమోనని చూసింది. పిలుపు రాలేదు. చివరికి తానే లేచి ప్రసూనాంబ గది గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె కిటికీ కింద కూర్చుని, ఒళ్లో గుడ్డ పరుచుకుని, తడి కొసతో ఒక్కొక్క కెంపునూ అద్దుతోంది, వెంటనే పొడి కొసతో తుడుస్తోంది. తలెత్తి చూసింది, పలకరింపుగా తలూపింది, మళ్లీ పనిలో పడింది. సరిదిద్దే వంకతోనైనా లోపలికి వెళ్దామని భారతమ్మ ఎంతసేపో చూసింది. ఆ పిల్ల చేతిలో ఒక్క తప్పు కూడా దొరకలేదు.