సున్నా పడిన జవాబు

గోడ మీద తెర వెలగగానే నా చూపు ఆ సున్నా మీదే పడింది. అది నేను వేసినది. దాని పక్కన మా టీమ్ లీడర్ ఆకుపచ్చ రంగులో టిక్కు పెట్టి ఉంచింది.

"పన్నెండు సంభాషణలు పంపించినాం. మనకి ఈ పని ఇచ్చిన కంపెనీ వాళ్లు తిరిగి చూసి, ఇందులో సరైనది ఇదొక్కటే అన్నారు. దీనికి మనం సున్నా వేసినాం. మిగతా పదకొండుకీ పూర్తి మార్కులు వేసినాం" అంది ఆమె. "ఇది రాసినామెకి పోయిన వారంలో ఇది మూడో సున్నా. మూడు పడితే లాగిన్ మూసేస్తారు, ఇంక రాయనివ్వరు. శనివారమే లాగిన్ మూసుకుపోయింది" అంది.

సున్నా ఎవరు వేశారో తెర మీద లేదు. చెప్పకుండా కూర్చోవచ్చు. "నేనే వేశాను" అన్నాను.

తెర మీద ఉన్నది ఇంతే.

వాడుకరి: కకజ;;లల్0

జవాబు: మీ సందేశంలో కొన్ని అక్షరాలు మాత్రమే వచ్చాయి. వాటి అర్థం నాకు తెలియలేదు. పొరపాటున పడి ఉంటే పరవాలేదు. మీరు ఏమి అడగాలనుకున్నారో చెబుతారా?

కింద నా వ్యాఖ్య: జవాబు లేదు. శ్రమ లేదు.

విజయనగరంలో మార్కెట్టు వీధిలో, మందుల దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. దినపత్రికలో పదవీ విరమణ చేశాక అక్కడ చేరాను. కంప్యూటరుకి తెలుగులో మాట్లాడడం నేర్పడానికి మాదిరి సంభాషణలు కావాలి. అడిగేవాడి మాటా, యంత్రం ఇవ్వాల్సిన జవాబూ రెండూ మనిషే రాస్తాడు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో ఇళ్ల దగ్గర కూర్చుని కొందరు రాస్తారు. మేము ఆఫీసులో చదివి మార్కులు వేస్తాం. ఆ రాతలను చూసి యంత్రం ఆ తీరు నేర్చుకుంటుంది. ఆ వారం ఇచ్చిన అంశం: అడిగేవాడి నుంచి అర్థం లేని అక్షరాలు వస్తే ఏం జవాబివ్వాలి?

సూచనల కాగితాలు నాకూ ఇచ్చారు. భాష గురించి ఉన్న పేజీలు రెండుసార్లు చదివాను. ఈ అంశం గురించిన పేజీని తిప్పేసి, చదివినట్టు సంతకం పెట్టాను. తెలుగు గురించి నాకు ఇంకొకరు చెప్పేదేమిటన్న ధీమా.

డెస్కు మీద ముప్పై ఏళ్లు నేర్చుకున్న పని ఒకటి ఉంది. విలేకరి పంపిన వార్తలో మాట ఎగిరిపోయినా, ఫోను లైను గరగరలాడి సగమే వినబడినా, ఎడిషన్ ఆగదు. వెనక్కి ఫోను చేసి అడిగే తీరిక ఉండదు. ముందు వాక్యం, వెనక వాక్యం చూసి మధ్యలోది పూరించాలి. అలా పూరించగలిగినవాడే మంచి సబ్ ఎడిటర్. అడగడమంటే చేతకాకపోవడమే. నాకు అలాగే నేర్పారు. నేనూ కొత్తవాళ్లకు అలాగే నేర్పాను.

అందుకే ఆ పదకొండూ నాకు నచ్చాయి. లీడర్ వాటిని ఒక్కొక్కటిగా తెరిచింది. ఒకదానిలో అవే పిచ్చి అక్షరాలకు, ధాన్యం ఎప్పుడు కోయాలో చక్కని జవాబు ఉంది. ఇంకొకదానిలో బస్సు వేళలు. ఐదోదాన్ని ముందుకు వంగి మళ్లీ చదివాను. అందులో పసిబిడ్డకు జ్వరం వస్తే ఏ మందు, రోజుకు ఎన్నిసార్లు వేయాలో ఉంది. జ్వరమని ఎవరూ అడగలేదు. బిడ్డ ఉన్నాడని ఎవరూ చెప్పలేదు. దాని కింద నేను రాసినది: భాష హాయిగా ఉంది. సమాచారం నిండుగా ఉంది.

"ఇది నేర్చుకుంటే యంత్రం ఏటి సేస్తాది సార్?" అని అడిగింది లీడర్. కోపం లేకుండానే అడిగింది. "తెలియనప్పుడు తెలియదనదు. కల్పించి చెప్తాది. ఆ చెప్పడం కూడా ధీమాగా చెప్తాది."

పక్క కుర్చీలో ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టరు నా వయసువాడే. నన్ను బావా అంటాడు. "ఏటి బావా, పన్నెండింట్లో మంచిది ఒకటే ఉంటే దాన్నే ఏరి కొట్టినావు. నీ గురికి దండం ఎట్టాల" అన్నాడు. ఇద్దరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రాసినామెది భావనపాడు. చేపల వేటకు వెళ్లే కుటుంబం. నెలకోసారి ఆఫీసు సమావేశానికి వచ్చినప్పుడు, తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేది. అంతవరకే తెలుసు. నెంబరు తీసుకుని మధ్యాహ్నం ఫోను చేశాను. నేనెవరో, ఆ సున్నా నాదేనన్నదీ మొదటి మాటలోనే చెప్పేశాను.

అవతల గాలి చప్పుడు మధ్య ఆమె గొంతు పెంచింది.

"మీరేనేటి బాబూ! నానింకా ఎవలో కుర్రోలేమో అనుకున్నాను. పెద్దోలు, పేపరులో పన్జేసినోలు, మీకు తెలీదేటి?"

"తెలియలేదమ్మా."

"మూడు దినాలు ఆలోసించినాను దానికి. మిగతావోలు ఇంతింత పొడుగు రాసినారంట. నానూ రాయగల్ను. కానీ తెలీనిది ఎలగ రాస్తాను?"

ఆ జవాబు ఎలా తట్టిందని అడిగాను.

"మాయమ్మ ఒడ్డుకాడ సేపలు అమ్ముతాది కదా. తడి సేత్తో ఫోను ముట్టుకుంతే దానికదే ఏటేటో కొట్టేసి నాకు పంపించేస్తాది. రోజుకి రెండుసార్లు వస్తాది అలగ. నాను ఏటనుకోవాల? పడిపోయిందనుకోనా, ఐసు కావాలనుకోనా? ఏటమ్మా, ఏటి కావాల అని అడుగుతాను. ఒకోసారి ఏటీ లేదే, సెయ్యి తగిలిందంతాది. ఒకోసారి నిజంగానే పనుంటాది. అడిగితేనే కదా తెలిసేది."

సూచనల పేజీలో ఉన్నదంతా అదే. లీడర్ ఆ ఉదయం మాకు చదివి వినిపించింది. ఊహించవద్దు, తప్పు పట్టవద్దు, పాఠం చెప్పవద్దు, పొట్టిగా అడగాలి, చెయ్యి తగిలి ఉంటే వదిలేసే వీలు ఇవ్వాలి.

"శ్రమ లేదు అని రాసినారు" అంది ఆమె. గొంతు మారలేదు. "అది సూసి మా ఆయనకి సదివి వినిపించినాను. ఇద్దరం నవ్వినాం. రొయ్యల కంపెనీలో నాలుగేళ్లు ఐసు నీల్లల్లో నిలబడినాను. గోల్లు ఊడిపోయేయి. అక్కడ ఎవలూ శ్రమ లేదనలేదు."

"ఆ మాట రాయకూడదమ్మా" అన్నాను.

"లాగిన్ తెరిపించీగలరేటి మీరు?" అని అడిగింది. "వచ్చే సోమారం నుంచి మల్ల రొయ్యల కంపెనీకి రమ్మంతన్నారు. తెల్లారకుండా కంపెనీ వేను వస్తాది. రానంతే నా పేరు తీసేస్తారు. మీరు తెరిపిస్తానంతే నాను ఎల్లను."

తెరిపిస్తానని అనబోయాను. నాకు తెలియని విషయం అది. "అడుగుతానమ్మా" అన్నాను.

లీడర్ దగ్గరకు వెళితే పద్ధతి చెప్పింది. ఒకసారి వేసిన మార్కు మేము మార్చలేం. మార్కు తప్పని రాసినవాళ్లే ఫిర్యాదు పెట్టాలి. ఫిర్యాదు ఫారం లాగిన్ లోపల ఉంటుంది. లాగిన్ మూసుకుపోయినవాళ్లకు అది కనబడదు.

"మరెలా?" అన్నాను.

"పైకి మెయిల్ రాద్దాం సార్. నేను రాస్తాను, మీరూ రాయండి. తప్పు మీదని మీ నోటితోనే వస్తే బరువుంటాది."

అదే రోజు రాశాను. ఎన్ని వార్తలు దిద్దానో లెక్కలేదు గానీ ఆ ఆరు వాక్యాలకు గంట పట్టింది. సున్నా తప్పని, పూర్తి మార్కు ఇవ్వాలని, మిగతా రెండు సున్నాలు కూడా వేరేవాళ్లు తిరిగి చూడాలని రాశాను. నేను పూర్తి మార్కులు వేసిన పదకొండింటినీ వెనక్కి తీసుకోమని రాశాను. మెయిల్ అందినట్టు యంత్రం పంపిన జవాబు వెంటనే వచ్చింది. మనిషి రాసిన జవాబు రాలేదు.

సోమవారం ఉదయం ఆమెకు ఫోను చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం మళ్లీ చేస్తే, ఇంట్లో వదిలివెళ్లిన ఆ ఫోను ఆమె తల్లి ఎత్తి, పిల్ల వేను ఎక్కి పనికెళ్లిందని, సాయంత్రం వస్తాదని చెప్పింది.

ఇది రాస్తున్న ఈ రోజుకి ఆమె లాగిన్ తెరుచుకోలేదు. ఆ పదకొండు సంభాషణలను వెనక్కి తీసుకున్నారో, యంత్రం వాటిని అప్పటికే చదివేసిందో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.